ట్రేడ్‌మార్క్ ఎగ్జామినేషన్ రిపోర్ట్ వచ్చిందా? రిప్లై ఇవ్వడమా, కొత్త అప్లికేషన్ వేయడమా, రెండూనా

మొన్న జూన్ ఆఖర్లో నెల్లూరు స్టోన్‌హౌస్‌పేట నుంచి తెలిసినన్న ఫోన్ చేశాడు, గొంతులో దిగులు తెలుస్తానే ఉంది, "తమ్ముడూ, మన పేరు కొట్టేశారంట, నెట్ సెంటర్ అబ్బాయి వాట్సాప్‌లో ఏందో పేపర్లు పంపించాడు, అంతా ఇంగ్లీష్‌లో ఉంది, నువ్వొకసారి చూడు" అన్నాడు. చూస్తే కొట్టేసిందేం లేదు, అది ఎగ్జామినేషన్ రిపోర్ట్. అంటే మన అప్లికేషన్ చదివిన అధికారి "నాకు ఈ ఈ అభ్యంతరాలు ఉన్నాయి, నీ జవాబు ఏంది" అని అడిగిన కాయితం. నెల్లూరు, ఒంగోలు వైపు షాపులోళ్ళవి ఇట్టాంటి ఫైళ్ళు నేను చాలానే చూస్తుంటాను, చాలామంది ఇక్కడే తప్పు చేస్తారు, కొందరు భయపడి వదిలేస్తారు, కొందరు ఎవరో ఇచ్చిన రెడీమేడ్ రిప్లై పంపించి అయిపోయిందనుకుంటారు. అందుకని ఆ అన్న కేసునే పట్టుకుని ఏ దారి ఎప్పుడు మంచిదో వివరంగా రాస్తున్నా. ఆయన బ్రాండ్ అసలు పేరు ఇక్కడ పెట్టను, అర్థం కావడానికి "సింహపురి కమ్మని పొడులు" అనుకుందాం. కందిపొడి, కరివేపాకు పొడి, ఇడ్లీ కారం, చేపల పులుసు మసాలా అమ్ముతాడు, పేరు మీద 2013 నుంచి వ్యాపారం.

ముందు గడువు సంగతి, ఎందుకంటే మిగతా నిర్ణయాలన్నీ దాని మీదే ఆధారపడతాయి. రిపోర్ట్ అందిన రోజు నుంచి ఒక నెల లోపల జవాబు ఇవ్వాలి, 2017 ట్రేడ్‌మార్క్ రూల్స్‌లో 33వ రూల్ అది. లెక్కకి 30 రోజులే అనుకోండి, అదే క్షేమం. ఇందులో చాలామందికి తెలియని మెలిక ఒకటుంది, రిపోర్ట్ ఈమెయిల్‌లో వస్తే అది పంపిన క్షణమే మనకి అందినట్టు లెక్క వేస్తారు, మనం ఎప్పుడు తెరిచి చూశామో వాళ్ళకి సంబంధం లేదు. మన అన్న కేసులో మెయిల్ వచ్చింది జూన్ 9న. అప్లికేషన్‌లో ఇచ్చిన మెయిల్ ఐడీ నెట్ సెంటర్ అబ్బాయిది. ఆ అబ్బాయి చూసుకుని పంపించింది జూన్ 28న. అంటే 19 రోజులు అప్పటికే పోయాయి, జూలై 9 లోపల రిప్లై పడాలి, చేతిలో ఉన్నది 11 రోజులు. ఆయన మాత్రం ఇవ్వాళ వచ్చింది కాబట్టి ఇంకా నెల టైం ఉందనుకుంటున్నాడు.

అందుకని అప్లికేషన్ వేసిన ప్రతి ఒక్కరూ, ఎవరిచేత వేయించినా సరే, అప్లికేషన్ నంబర్ దగ్గర పెట్టుకుని ipindia.gov.in లో ట్రేడ్‌మార్క్ స్టేటస్ పేజీకి వెళ్ళి నెలకి రెండుసార్లన్నా మీ నంబర్ కొట్టి చూసుకోండి. అక్కడ `Objected` అని ఉంటే రిపోర్ట్ వచ్చినట్టు, అక్కడే తెరిచి చదువుకోవచ్చు కూడా. `Opposed` అని ఉంటే అది వేరే సంగతి, దాన్ని దీన్ని కలపొద్దు. `Objected` అంటే అభ్యంతరం చెప్పింది ఆఫీసు. `Opposed` అంటే మీ మార్క్ ట్రేడ్‌మార్క్ ఆఫీసు వేసే జర్నల్‌లో అచ్చయ్యాక బయటి మనిషి ఎవరో వచ్చి అడ్డం పడ్డాడని, దానికి నోటీసు అందినప్పటి నుంచి 2 నెలల్లో మన జవాబు, అంటే కౌంటర్ వేయాలి, ఆ గడువు ఒక్క రోజు కూడా పెంచరు, దాటితే అప్లికేషన్ వదిలేసినట్టే. ఎగ్జామినేషన్ రిపోర్ట్ గడువు అంత కఠినం కాదు, TM-M ఫారం మీద ఆన్‌లైన్‌లో 900 రూపాయలు కట్టి ఇంకొంచెం టైం అడగచ్చు, ఇస్తే మహా అంటే ఒక నెల ఇస్తారు, ఇవ్వాలని మాత్రం లేదు. గడువు దాటాక కూడా అడిగే వీలుంది. కొన్ని ఫైళ్ళు రిప్లై లేకుండానే చాలాకాలం `Objected` లోనే కూర్చుని ఉంటాయి, దాన్ని చూసి మనకేం కాదులే అనుకునేవాళ్ళు ఉన్నారు, ఏదో ఒక రోజు చూసేసరికి `Abandoned` అని పడి ఉంటుంది, అప్పుడు ఇక రివ్యూ అని హైకోర్టు అని తిరగాలి, ఆ ఖర్చు చిన్న షాపుకి గిట్టదు. అడిగితే ఇచ్చే టైం కోసం కాదు, ఉన్న టైంలో పని చేసుకోడానికి చూడండి.

ఇక రిపోర్ట్‌లో ఏం రాశారన్నది. ఎంత పెద్దగా కనిపించినా అభ్యంతరాలు ఎక్కువ భాగం రెండే రకాలు, ట్రేడ్‌మార్క్ చట్టంలో సెక్షన్ 9 ఒకటి, సెక్షన్ 11 ఒకటి. ఏది వచ్చిందో దాన్ని బట్టే మన దారి మారుతుంది కాబట్టి ఈ రెండూ బాగా అర్థం చేసుకోవాలి.

సెక్షన్ 9 అంటే గొడవ మీ పేరుతోనే, వేరే ఎవరితోనూ కాదు. ఆ పేరు సరుకు గురించి చెప్పే మామూలు మాట, దాన్ని ఒక్కరికే ఇవ్వలేం అని. 9(1)(బి) లో సరుకు రకం, నాణ్యత, పరిమాణం, దేనికి వాడతారు, ఏ ఊరిది, ఇవన్నీ వస్తాయి. "సింహపురి కమ్మని పొడులు"లో మూడు మాటలున్నాయి, సింహపురి అంటే నెల్లూరుకి పాత పేరు, కమ్మని అంటే రుచి చెప్పే మాట, పొడులు అంటే సరుకే. మూడుకి మూడూ దెబ్బ తిన్నాయి. తెలుగు మాట కాబట్టి చెన్నై ట్రేడ్‌మార్క్ ఆఫీసులో వాళ్ళకి అర్థం కాదులే అనుకోవద్దు, ఇంగ్లీష్ హిందీ కాని భాషలో మార్క్ ఉంటే దాని అర్థం మనమే అప్లికేషన్‌లో రాసివ్వాలి, వాళ్ళు ఆ అర్థాన్నే చూస్తారు. మన వైపు షాపుల పేర్లు చూడండి, ఊరి పేరు, రుచి, అమ్మమ్మ చేతి వంట, స్వచ్ఛమైన, అసలైన, ఇవే ఉంటాయి, కస్టమర్‌కి వెంటనే ఎక్కుతాయని పెట్టుకుంటాం, ఆ సులభమే ఇక్కడ ఎదురు తిరుగుతుంది.

సెక్షన్ 11 అంటే గొడవ వేరేవాళ్ళతో. మీకంటే ముందు ఇలాంటి పేరు, ఇలాంటి సరుకుకి ఇంకొకరు వేసి ఉన్నారు, జనం తికమక పడతారు అని. రిపోర్ట్‌తోపాటే ఆ మార్కుల జాబితా వస్తుంది, నంబర్లు, క్లాసు అంటే ఆ సరుకు ఏ గుంపు కిందికి వస్తుందో చెప్పే నంబరు, సరుకు, స్టేటస్ అన్నీ. మన అన్న రిపోర్ట్‌లో సెక్షన్ 9 కూడా ఉంది, సెక్షన్ 11 కింద మూడు మార్కులూ ఉన్నాయి. ఆయన ఆ మూడింటిని చూసి ఇంక మనకి రాదు అనేసుకున్నాడు గానీ, ఒక్కొక్కటి తీసి చూస్తే మూడూ మూడు రకాలు.

మొదటిది రిజిస్టర్ అయిపోయిన మార్క్, అందులోనూ సింహపురి అన్న మాట ఉంది, క్లాస్ 30 లోనే, కానీ సరుకు బియ్యం. రెండోది స్టేటస్ చూస్తే ఎప్పుడో `Abandoned`, అంటే ఆ మార్క్ ఇప్పుడు లేనట్టే, ఆ పేజీ ప్రింట్ తీసి జత చేస్తే సరిపోతుంది. ఇది చాలా మామూలుగా జరుగుతుంది, కంప్యూటర్ వెతుకులాటలో వచ్చిందల్లా జాబితాలో పెట్టేస్తారు. ఒక్క జాగ్రత్త చెప్తా, రెన్యువల్ కట్టక గడువు తీరిపోయిన మార్క్‌ని మాత్రం చచ్చిపోయిందని వెంటనే కొట్టిపారేయొద్దు, రిజిస్ట్రేషన్ 10 ఏళ్ళకోసారి రెన్యువల్ చేసుకోవాలి, గడువు దాటినా ఒక సంవత్సరం దాకా దాన్ని మళ్ళీ నిలబెట్టుకునే వీలుంది, ఆ సంవత్సరం లోపల దాన్ని చూపించి మన మార్క్ ఆపవచ్చు. మూడోదే అసలు చిక్కు. మసాలా పొడులకే వేశారు, రెండేళ్ళ కింద వేశారు, వాళ్ళది కూడా ఇంకా `Objected` లోనే ఉంది, వాడకం ఎప్పటి నుంచి అన్న చోట `Proposed to be used` అని ఉంది. అంటే ఇంకా మొదలుపెట్టలేదు, పెట్టబోతున్నాం అని.

ఇది చూడగానే నాకు ప్రాణం లేచొచ్చింది, ఎందుకంటే మన అన్న 2013 నుంచి అమ్ముతున్నాడు, వాళ్ళకంటే పదేళ్ళు ముందు. సరే అని అన్న అప్లికేషన్ కాపీ తెప్పించి చూశా. అందులో కూడా `Proposed to be used`. నెట్ సెంటర్ అబ్బాయి అది పెట్టేస్తే ఇంక అఫిడవిట్ అక్కర్లేదు, బిల్లులు అక్కర్లేదు, పది నిమిషాల్లో పని అయిపోతుంది కదా అని పెట్టేశాడు. ముందు నుంచి వాడుతున్నాం అని రాస్తే దానికి అఫిడవిట్, సాక్ష్యాలు జత చేయాలి, ఆ శ్రమ తప్పించుకోడానికి చాలామంది చేసే పనే ఇది. అన్నని అడిగితే ఆయనకి అసలు అలాంటి గడి ఉందనే తెలియదు.

ఈ ఒక్క గడి వల్ల ఏం పోయిందో చెప్తా. సెక్షన్ 9 నుంచి బయటపడే గట్టి దారి ఒకటుంది, పేరు మామూలు మాటే అయినా, అప్లికేషన్ వేసే రోజుకే చాలాకాలం వాడి వాడి జనం ఆ పేరు వింటే మన షాపే గుర్తొచ్చే స్థితికి వచ్చింది అని చూపించడం. సెక్షన్ 11 లో మూడో మార్క్‌కి జవాబు కూడా మేమే ముందు అని చూపించడం. రెండిటికీ పునాది పాత వాడకం. మన చేత్తోనే "ఇంకా వాడలేదు, వాడబోతున్నాం" అని రాసిచ్చి, ఇప్పుడు రిప్లైలో "2013 నుంచి వాడుతున్నాం" అంటే అధికారి మొదట అడిగేది ఈ రెండిట్లో ఏది నిజం అనే. ఆ గడి మార్చమని TM-M వేయచ్చు గానీ, ఒప్పుకుంటారన్న ధీమాతో ఉండకండి.

ఇప్పుడు దారులు పోల్చుకుందాం.

మొదటి దారి, ఉన్న అప్లికేషన్‌లోనే రిప్లై ఇచ్చి పోరాడటం. రిప్లైకి ప్రభుత్వ ఫీజు ఏమీ లేదు, ఈ-ఫైలింగ్‌లో `MIS-R` అని ఉంటుంది, అందులో పెట్టాలి. మన అప్లికేషన్ తేదీ మనకి నిలబడుతుంది, ఇది పెద్ద లాభం, ఎందుకంటే ఈ మధ్యలో ఎవరైనా ఇలాంటి పేరు వేసి ఉంటే వాళ్ళకంటే మనమే ముందు. పేరు కల్పించిన మాట అయ్యి, వచ్చిన అభ్యంతరం సెక్షన్ 11 ఒక్కటే అయ్యి, చూపించిన మార్క్ సరుకు వేరే అయితే ఇంకో ఆలోచనే వద్దు, ఈ దారే. పాత వాడకం సరిగ్గా రాసి, బిల్లులు ఉన్నవాళ్ళకి సెక్షన్ 9 వచ్చినా ఇదే దారి.

ఇందులోనే ఇంకో చిన్న పని చాలా పనికొస్తుంది, సరుకుల జాబితా తగ్గించుకోవడం. అన్న అప్లికేషన్‌లో సరుకు అని క్లాస్ 30 హెడ్డింగ్‌లో ఉన్నదంతా దించేశారు, కాఫీ, టీ, కోకో, బియ్యం, పిండి, బ్రెడ్డు, ఐస్‌క్రీము, తేనె, ఉప్పు, అన్నీ. ఈయన షాపులో కాఫీ గింజ ఒక్కటి లేదు. బియ్యం మార్క్ అడ్డం వచ్చిందే అందుకు. TM-M మీద 900 కట్టి బియ్యం, కాఫీ, టీ అన్నీ తీసేసి పొడులు, మసాలాలు మాత్రం ఉంచుకుంటే మొదటి మార్క్‌తో గొడవ చాలావరకు సద్దుమణుగుతుంది. చాలావరకు అని ఎందుకన్నానంటే ఒకే షాపులో పక్కపక్కన అమ్మే సరుకులు కాబట్టి అయినా తికమక ఉందని అధికారి అనచ్చు. తీసేసినవి మళ్ళీ చేర్చుకోలేం, రేపు బియ్యం కూడా ఇదే పేరు మీద అమ్మాలనే ఆలోచన ఉంటే ముందే చెప్పండి.

రెండో దారి, దీన్ని వదిలేసి కొత్త అప్లికేషన్. ఒక మనిషి పేరు మీద అయితే ఆన్‌లైన్‌లో ఒక క్లాసుకి 4,500, భాగస్వామ్య సంస్థో కంపెనీయో అయితే 9,000, కాకపోతే చిన్న పరిశ్రమగా ఉద్యమ్ సర్టిఫికెట్ చూపిస్తే వాళ్ళకి కూడా 4,500 కే. పాత ఫీజు తిరిగి రాదు. పాత తేదీ పోతుంది. దానికి బదులు మనకి వచ్చేదేందంటే, తప్పులన్నీ దిద్దుకునే అవకాశం, వాడకం తేదీ సరిగ్గా రాయచ్చు, సరుకు సరిగ్గా రాయచ్చు, మార్క్ కూడా మార్చుకోవచ్చు. ఉన్న అప్లికేషన్‌లో మార్క్‌ని మార్చనివ్వరు, ఉత్త మాటగా వేసిన దానికి ఇప్పుడు బొమ్మ చేర్చి లోగో చేస్తామంటే కుదరదు.

లోగోగా వేస్తే సెక్షన్ 9 సులభంగా దాటుతుందని ఎవరైనా చెప్తారు, నిజమే, కానీ దాంట్లో ఏం వస్తుందో ఏం రాదో చెప్పరు. రోలు, రోకలి బొమ్మ, దాని కింద సింహపురి కమ్మని పొడులు అని ప్రత్యేకమైన అక్షరాలతో లోగో చేసి వేస్తే రావచ్చు, కానీ వచ్చే హక్కు ఆ లోగో మొత్తం మీద. పక్క వీధిలో ఇంకొకాయన బొమ్మ లేకుండా మామూలు అక్షరాల్లో "సింహపురి పొడులు" అని బోర్డు పెట్టుకుంటే, నా రిజిస్ట్రేషన్‌లో ఆ మాట ఉంది కాబట్టి తీసేయ్ అనడానికి దాని బలం చాలదు. సర్టిఫికెట్ ఫ్రేమ్ కట్టించి గోడకి తగిలించుకున్నాక ఈ సంగతి తెలిసి బాధపడినవాళ్ళని చూశాను. అందుకని నా సలహా, లోగోలో ఒక కల్పించిన మాట కూడా చేర్చండి, పెద్ద అక్షరాల్లో అదుండాలి, ఊరి పేరు, రుచి దాని కింద చిన్నగా. రేపటి రోజున జనం పిలిచేది, మనం కాపాడుకోగలిగేది ఆ మాటే.

దేవుడి పేరు చేరిస్తే సరిపోతుందా అని కూడా అడుగుతారు. ఆ పేర్లు ఇప్పటికే వేలమంది వాడుతున్నారు, జాబితాలో ఇంకా ఎక్కువ మార్కులు వచ్చి పడతాయి. 2015లో సుప్రీంకోర్టు అగరుబత్తుల కేసులో రామాయణ్ అన్న పేరు ఒక్కరి సొంతం కాదని చెప్పింది కూడా.

మూడో దారి రెండూ చేయడం, పాతదానికి రిప్లై ఇచ్చి బతికించి ఉంచుకుని, పక్కనే కొత్తది వేయడం. అన్నకి నేను చెప్పింది ఇదే. పాతదానికి రిప్లైకి ప్రభుత్వ ఫీజు లేదు, అది `Objected` లోనో హియరింగ్ లోనో ఉన్నంతకాలం ఆ తేదీ తర్వాత సింహపురి పేరుతో పొడులకి ఎవరు వేసినా వాళ్ళ రిపోర్ట్‌లో మన నంబర్ కనపడే అవకాశం ఉంటుంది. కొత్తదేమో సరైన పునాది మీద మొదలవుతుంది. పాతది గెలుస్తుందని నేను అన్నకి ఆశ పెట్టలేదు, సెక్షన్ 9 మీద దాని పరిస్థితి బలహీనమే.

రెండూ చేసేటప్పుడు ఒకటి మాత్రం గట్టిగా పట్టించుకోవాలి, రిప్లైలో ఏం రాస్తున్నాం అన్నది. మూడో మార్క్ ఉంది చూడండి, పొడులకే వేసినవాళ్ళది, దానికి రెండు రకాలుగా జవాబు చెప్పచ్చు. ఒకటి, మా పేరు మీ పేరు వేరు, కలవవు, జనం తికమక పడరు అని. రెండోది, పేర్లు దగ్గరే, కానీ మేము ముందు అని. నెట్‌లో దొరికే రిప్లైలు మొదటిదే రాస్తాయి, సులభం కాబట్టి. కానీ ఒకసారి కలవవు అని రాసి సంతకం పెట్టాక, రేపు వాళ్ళ మార్క్ జర్నల్‌లో అచ్చయినప్పుడు మనం వెళ్ళి ఇది మా పేరు లాంటిదే, ఆపండి అంటే ఆ కాయితమే తీసి మన ముందు పెడతారు. అన్న వ్యాపారానికి నిజంగా ముప్పు ఆ మూడోవాళ్ళే కాబట్టి కలవవు అనే మాట వాళ్ళ గురించి రాయొద్దని చెప్పా. బియ్యం మార్క్ గురించి మాత్రం సరుకు వేరు, మొత్తం పేరు వేరు అని రాశాం, దానివల్ల మనకి నష్టం లేదు.

ఇక సాక్ష్యాలు. "నాకు జీఎస్టీ ఉంది, ఫుడ్ లైసెన్స్ ఉంది, ట్రేడ్ లైసెన్స్ ఉంది, ఇంకేం కావాలి" అన్నాడు అన్న. ఇవన్నీ వ్యాపారం ఉందని చెప్తాయి, ఆ బ్రాండ్ వాడుతున్నట్టు చెప్పవు, చాలావాటి మీద యజమాని పేరో షాపు పేరో ఉంటుంది తప్ప పొడుల బ్రాండ్ ఉండదు. అమ్మకం బిల్లులు తెప్పించి చూస్తే అదే కథ, పైన షాపు పేరు, కింద "కందిపొడి 250 గ్రాములు", అంతే, బ్రాండ్ మాట ఎక్కడా లేదు. పదేళ్ళ బిల్లులు రెండు సంచుల్లో తెచ్చిపెట్టాడు పాపం, నేలమీద పోసుకుని ఒక సాయంత్రం అంతా వెతికాం.

చివరికి దొరికింది ఒక ప్రింటింగ్ ప్రెస్ బిల్లు. పసుపు రంగు కార్బన్ కాపీ, మడతల దగ్గర చిరిగింది, పైన ప్రెస్ వాళ్ళ 11 అంకెల టిన్ నంబర్, అంటే 2017 జూలైలో జీఎస్టీ రాకముందు వ్యాట్ రోజుల బిల్లు అని చూడగానే తెలుస్తుంది, తేదీ 2015, లోపల చేతిరాతతో బ్రాండ్ పేరు మొత్తం రాసి, లేబుళ్ళు 5000, రెండు రంగులు అని. ఆ ఒక్క కాయితం మిగతా రెండు సంచుల కంటే ఎక్కువ విలువ చేస్తుంది, బ్రాండ్ పేరు ఉంది, తేదీ ఉంది, ఎన్ని కవర్లకి అతికించారో అంచనా కూడా ఉంది, పైగా రాసింది బయటి మనిషి. మీ ఇంట్లో కూడా ముందు వెతకాల్సింది ఇవే, లేబుళ్ళు, కవర్ల ప్రింటింగ్ బిల్లులు, పేపర్‌లో ఇచ్చిన ప్రకటన, కేబుల్ టీవీ ప్రకటన రసీదు, ఎగ్జిబిషన్‌లో స్టాల్ పెట్టిన రసీదు, ఏదైనా బ్రాండ్ పేరు, తేదీ రెండూ ఒకే కాయితం మీద ఉండాలి. వాటితోపాటు ఆ బ్రాండ్ మీద ఏటేటా ఎంత అమ్మకం జరిగిందో ఆడిటర్ దగ్గర సర్టిఫికెట్ తీసుకుని, అన్నీ కలిపి నోటరీ చేసిన అఫిడవిట్‌కి జత చేయాలి. లెక్కకి వచ్చేది అప్లికేషన్ తేదీకి ముందు కాయితాలే, నిన్న వేయించిన ఫ్లెక్సీ ఫోటో ఎంత అందంగా ఉన్నా పనికిరాదు.

ఇక్కడ అన్నకి నాకు కొంచెం వాదన జరిగింది. ఆయన 2013 అనే రాయాలంటాడు, మొదలుపెట్టింది అప్పుడే కాబట్టి. నేను 2015 రాద్దామన్నా. 2013 అన్నది ఆయన నోటిమాట, 2015 అన్నది కాయితం. రేపు ఎవరైనా ఎదురు తిరిగితే రెండేళ్ళకి సాక్ష్యం చూపించలేక మొత్తం అఫిడవిట్ మీదే అనుమానం వస్తుంది, మూడోవాళ్ళు వేసింది రెండేళ్ళ కిందే కాబట్టి 2015 అయినా మనమే ఎంతో ముందు, ఆ రెండేళ్ళ కోసం రిస్క్ ఎందుకని. ఒప్పుకోడానికి ఆయనకి కష్టమైంది, వాళ్ళమ్మగారు బతికుండగా మొదలుపెట్టిన వ్యాపారం అది, ఆ తేదీ మీద ఆయనకి మమకారం. చివరికి ఇంకో బిల్లు దొరికితే చూద్దాం, లేకపోతే 2015 అని ఆగాం, దొరకలేదు.

రిప్లై ఇచ్చాక ఏమవుతుంది అంటే, అధికారికి నచ్చితే `Accepted & Advertised` అయ్యి జర్నల్‌లో వస్తుంది, అక్కడి నుంచి 4 నెలలు ఎవరైనా అడ్డం చెప్పచ్చు, ఎవరూ రాకపోతే రిజిస్ట్రేషన్. నచ్చకపోతే హియరింగ్ పెడతారు. మన రాష్ట్రం ఫైళ్ళు చెన్నై ఆఫీసు కింద ఉంటాయి గానీ హియరింగ్ వీడియో కాల్‌లో జరుగుతుంది, రైలెక్కి చెన్నైలో ఆ ఆఫీసున్న గిండీ దాకా పోవాల్సిన పని లేదు. దానికి వెళ్ళకుండా ఉండటం ఒక్కటే చేయకూడదు. అక్కడా కాదన్నారంటే ఆర్డర్ అందినప్పటి నుంచి 3 నెలల్లో హైకోర్టుకి అప్పీల్ వేయచ్చు, 2021లో ఆ అప్పీళ్ళు వినే ట్రిబ్యునల్ తీసేశాక అవి హైకోర్టుకే వెళ్తున్నాయి, పొడుల షాపుకి అంత దూరం పోవడం నేనైతే చెప్పను, ఆ డబ్బుతో కొత్త పేరుని జనంలోకి తీసుకెళ్ళచ్చు.

అందరికీ మూడో దారే అక్కర్లేదు. ఒంగోలులో ఒక చీరల షాపావిడకి కల్పించిన పేరు, వచ్చింది సెక్షన్ 11 ఒక్కటే, చూపించిన మార్క్ చెప్పులది, ఆవిడకి రిప్లై ఒక్కటి చాలని చెప్పా. కావలి దగ్గర టిఫిన్ సెంటర్ తమ్ముడిది పూర్తిగా రుచి చెప్పే పేరు, మొదలుపెట్టి ఆర్నెల్లు, చూపించడానికి ఏమీ లేదు, అతన్ని రిప్లై మీద డబ్బు పెట్టొద్దు, బోర్డు ఇంకా పాతబడకముందే పేరు మార్చుకుని కొత్తది వేసుకో అన్నా. పదేళ్ళ గుడ్‌విల్ ఉన్నవాడికి పేరు మార్చుకో అనడం సులభం కాదు, ఆర్నెల్ల షాపుకి అది పెద్ద నష్టం కాదు, ఈ తేడా ఎంచుకునేటప్పుడు గుర్తుంచుకోండి.

అన్న రిప్లై జూలై 7న పడింది, గడువుకి రెండు రోజుల ముందు. అదే వారం కొత్త అప్లికేషన్ రోలు బొమ్మతో, కల్పించిన మాటతో, 2015 తేదీతో, పొడులు మసాలాలు మాత్రం రాసి, ఈసారి మెయిల్ ఐడీ వాళ్ళబ్బాయిది ఇచ్చి వేశాం. మూడో మార్క్ నంబర్ ఒక అట్టముక్క మీద రాసి క్యాష్ కౌంటర్ వెనక గోడకి అంటించాడు. జర్నల్ ప్రతి సోమవారం వస్తుంది, అది అచ్చయిందంటే 4 నెలల్లో మనం వెళ్ళి అడ్డం చెప్పాలి, TM-O ఫారం, ఆన్‌లైన్‌లో 2,700. సోమవారం రాత్రి షట్టర్ దించే ముందు వాళ్ళబ్బాయి ఆ నంబర్ కొట్టి చూసి నాకు మెసేజ్ పెడతాడు, ఇప్పటిదాకా ఇంకా `Objected` లోనే ఉంది.